వినపడిందండీ, అర్థం కాలేదంతే!

పరాయి భాష కొద్దిగా నేర్చుకుని, ఆ భాష మాట్లాడే చోటికి వెళ్ళిన ప్రతివాళ్ళకీ ఒక సంగతి త్వరలోనే తెలిసొస్తుంది. "కాస్త నెమ్మదిగా చెప్తారా?" అని అడిగితే అవతలివాళ్ళు గట్టిగా చెప్తారు. ఎందుకో తెలీదు. దేశాలు వేరు, మతాలు వేరు, తిండి వేరు, కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం మానవజాతి మొత్తం ఒక్క మాట మీద నిలబడింది. ఐక్యరాజ్యసమితి ఇన్నేళ్ళ కృషితో సాధించలేని ఐకమత్యం కాబట్టి ముందుగా అభినందనలు తెలుపుకుందాం.

వాళ్ళ లెక్కలో అర్థం కాలేదంటే చెవికి చేరలేదని. చేరిందండీ. భేషుగ్గా చేరింది. లోపలికెళ్ళాక అందులో ఏ మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో విడదీసుకోడానికి రెండు క్షణాలు కావాలి. ఆ రెండు క్షణాలూ అడిగితే ఈ మహానుభావులు డెసిబెల్స్ దానం చేస్తారు.

మళ్ళీ చెప్పించుకోవడం కొత్తవాళ్ళకి మాత్రమే ఉండే జబ్బనుకునే పండితులకి ఒక కబురు. మార్క్ డింగెమాన్సే అనే భాషాశాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి 12 భాషల్లో జనం మామూలుగా చెప్పుకునే కబుర్లు రికార్డు చేసి చూశారు. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సగటున నిమిషంన్నర తిరక్కుండానే ఎవరో ఒకరు "ఆఁ?" అనో, "ఎవరూ?" అనో, "నిన్ననా?" అనో అడుగుతూనే ఉన్నారట. వాళ్ళంతా పుట్టినప్పట్నుంచీ ఆ భాషలోనే బతుకుతున్నవాళ్ళు. సొంత వదినగారితో మాట్లాడుతూ నిమిషంన్నరకోసారి "ఆఁ?" అనే మనిషి, పాపం నిన్నగాక మొన్న అక్షరాలు నేర్చుకున్నవాడు ఒక్కసారి "ఆఁ?" అంటే మాత్రం వాడి వైపు అదోలా చూస్తాడు.

సరే, ఒక రైల్వే స్టేషన్ ఊహించుకోండి. ఏ దేశమైనా ఫరవాలేదు. మన ప్రయాణికుడు రాత్రంతా ఒకే ఒక్క వాక్యం బట్టీపట్టి ఎంక్వైరీ కౌంటర్ దగ్గరికొచ్చాడు. "ఫలానా ఊరికి వెళ్ళే తరవాతి రైలు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందండీ?" ఒత్తులూ, దీర్ఘాలూ, చివర్లో మర్యాదా అన్నీ సరిగ్గా పడ్డాయి. అక్కడే అతని కొంప మునిగింది. అంత చక్కగా అడిగినవాడికి భాష బాగా వచ్చనే కదా ఎవరైనా అనుకునేది? కౌంటర్లో ఆయన తలెత్తకుండా, తోడబుట్టినవాడితో మాట్లాడినట్టు గడగడా చెప్పేశాడు: "మూడో ప్లాట్‌ఫామ్ మీదికే రావాలి గానీ ఇవాళ లైను మీద పని జరుగుతోంది కాబట్టి మూడింటిదాకా రైలు లేదు, మీరు బయట బస్సెక్కి జంక్షన్‌లో దిగి అక్కణ్ణుంచి వేరే రైలు పట్టుకోండి."

మనవాడికి అందింది ఇంత: "మూడు... గానీ... మూడు... రైలు... బస్సు... రైలు."

వెంటనే తలూపాడు. ప్రపంచంలో జరిగే సగం తప్పుడు ప్రయాణాలు ఈ తలూపుడు దగ్గరే మొదలవుతాయని నా అనుమానం. అర్థం కాలేదని ఒప్పుకోడానికి మొహమాటపడి ఊపే తల, అవతలివాడికి మాత్రం "అర్థమైంది, కానివ్వండి" అనే పచ్చజెండా. ఆయన కానిచ్చాడు. ఏ గేటు నుంచి బయటికెళ్ళాలో, బస్సులో పాత టికెట్ ఎలా చెల్లుతుందో కూడా చెప్పాడు. మనవాడు మళ్ళీ ఊపాడు. చివరికి ధైర్యం చేసి "మళ్ళీ చెప్తారా?" అన్నాడు.

ఏది మళ్ళీ చెప్పాలి? ఆయనకెలా తెలుస్తుంది? మొత్తం ప్రసంగం మొదట్నుంచి, అదే వేగంతో, రెట్టింపు గొంతుతో వచ్చింది. "నెమ్మదిగా చెప్పండి, నేనింకా నేర్చుకుంటున్నాను" అన్నాడు మనవాడు. ఆయన పాపం మంచివాడే. మొదటి మూడు మాటలు నెమ్మదిగా చెప్పాడు. నాలుగో మాటకి పాత వేగం వచ్చేసింది. ఇది దాదాపు అందరికీ జరిగేదే, మాట్లాడే వేగం అలవాటు కాబట్టి మనసు విషయం మీదికి మళ్ళగానే నోరు తన దారిన తను పోతుంది. గుర్తుచేస్తే ఈసారి మరీ శ్రద్ధపెట్టి "మూ...డో... ప్లా...ట్...ఫా..." అంటూ రబ్బరులా సాగదీశాడు. అలా సాగితే మాట తన ఆకారమే పోగొట్టుకుంటుంది, తెలిసిన మాట కూడా తెలియనిదైపోతుంది. కొత్తవాడికి కావలసింది మాటకీ మాటకీ మధ్య, ముక్కకీ ముక్కకీ మధ్య ఆగడం. "ఇవాళ మూడింటిదాకా" అని ఒక ఆగుడు. "రైలు లేదు" అని ఇంకో ఆగుడు. ఇంతే. దీనికి శిక్షణా శిబిరాలేవీ అక్కర్లేదు.

ఈలోగా క్యూలో వెనకున్న పెద్దాయన రంగంలోకి దిగాడు. "ఆయనకి వినపడట్లేదయ్యా" అని రోగనిర్ధారణ చేసి, మనవాడి చెవి పక్కకొచ్చి "బస్సూ!" అని కేకేశాడు. సూట్‌కేసు పట్టుకున్న ఆవిడ పెద్దాయన్ని పక్కకి జరిపి, "అలా చెప్తే ఎలా తెలుస్తుందండీ, సింపుల్‌గా చెప్పాలి" అంది. సింపుల్‌గా చెప్పింది కూడా: "నువ్వు! మూడు! రైలు! లేదు! బస్సు! పో!"

ఈ రకం మాటతీరుకి చార్ల్స్ ఫెర్గూసన్ అనే భాషావేత్త ‘ఫారినర్ టాక్’ అని పేరు పెట్టాడు, 1971లో అచ్చయిన వ్యాసంలోనే దాన్ని చర్చించాడు. కొత్తవాడికి సాయం చేస్తున్నామనుకుని వాక్యంలోంచి వ్యాకరణం పీకేయడం అన్నమాట. పీకేస్తే ఏమవుతుందో చూడండి. "మూడింటిదాకా రైలు లేదు", "మూడో ప్లాట్‌ఫామ్ మీదికి రైలు లేదు", "మూడింటి రైలు లేదు" అన్నీ కలిసి "మూడు, రైలు, లేదు" అయిపోయాయి. అసలు సమాచారమంతా ఉన్నది ఆ "దాకా"లో. ఆవిడ పారేసింది దాన్నే.

తర్వాత ఒక కుర్రాడు మోచేతులు తిప్పుతూ రైలయ్యాడు. ఆ తర్వాత చేతులు అడ్డంగా పెట్టి రైలు చచ్చిపోయినట్టు అభినయించాడు. ఆపైన స్టీరింగు పట్టుకుని బస్సయ్యాడు. జనం మెచ్చుకున్నారు. ఈలోగా బస్సు ఎడమ గేటు దగ్గరా, కుడి గేటు దగ్గరా అని పెద్దాయనకీ సూట్‌కేసావిడకీ పేచీ వచ్చింది. కౌంటర్లో ఆయన బయటికొచ్చి తీర్పు చెప్పాడు. అందరూ తృప్తిగా చేతులూపారు. మనవాడు అందరికీ దణ్ణం పెట్టి మూడో ప్లాట్‌ఫామ్ మీదికెళ్ళి నిలబడ్డాడు.

ఇందులో మనవాడి వంతు లేదనను. "నేర్చుకుంటున్నాను" అనే మాట ఆఖర్న చెప్పడమేమిటి? అది ప్రశ్న కంటే ముందు రావాలి. "నేనింకా మీ భాష నేర్చుకుంటున్నా. చిన్న చిన్న ముక్కలుగా చెప్పండి. రైలు ఎక్కడ?" అంతే. కాస్త తడబడుతూ అన్నా నష్టం లేదు, అవతలివాడు మొదట్నుంచే జాగ్రత్తపడతాడు. కానీ ప్రయాణికుల కోసం వేసే భాషా పుస్తకాలు చాలావరకూ ప్రశ్నలు శుద్ధంగా అడగడం నేర్పి చేతులు దులుపుకుంటాయి. జవాబు ఎవరు వినాలి? పుస్తకం వేసినాయన వింటాడా?

రెండోది, "మళ్ళీ చెప్పండి" అనేది చివరి అస్త్రం. ఇందాక చెప్పిన ఆ 12 భాషల వాళ్ళు కూడా కొంచెమైనా అర్థమైతే ఉత్త "ఆఁ?" అనరు, అందిన ముక్క చెప్పి అందనిది అడుగుతారు. మనవాడికి "మూడు" అందింది కదా. "మూడు అన్నారు, అది టైమా, ప్లాట్‌ఫామా?" అంటే సరిపోయేది. ఈ రకం ప్రశ్నలో ఇంకో లాభం ఉంది. "మూడో ప్లాట్‌ఫామేనా?" అంటే పని తొందరలో ఉన్నవాడు "ఆ, ఆ" అనేస్తాడు. "టైమా, ప్లాట్‌ఫామా?" అన్నదానికి "ఆ" అనే జవాబు కుదరదు. అన్నాడంటే మన ప్రశ్నే ఆయనకి అర్థం కాలేదని తేలిపోతుంది. చివర్న మనం చేయబోయేది మనమే చెప్పాలి: "నేనిప్పుడు బయటికెళ్ళి బస్సెక్కుతా." తప్పయితే ఆయనే ఆపుతాడు.

అంకెల దగ్గర మాత్రం చెవిని అసలు నమ్మకూడదు. జర్మన్‌లో 47ని "ఏడూ నలభై" అనే వరసలో పలుకుతారు. విన్నది విన్నట్టు రాసుకుంటూ పోతే కాగితం మీద 74 పడుతుంది, 47 నంబరు బస్సు కళ్ళముందే వెళ్ళిపోతుంది. ఒక్కో అంకెనీ విడిగా చెప్పమనాలి, లేదా కాగితమూ పెన్నూ వాళ్ళ చేతికే ఇవ్వాలి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. అరిచేవాళ్ళని కూడా క్షమించేయొచ్చు, వాళ్ళకి సాయం చేయాలనే ఉంది. నేను క్షమించలేనివాళ్ళు వేరే ఉన్నారు. రెండోసారి అడగ్గానే చెయ్యి విసిరి "ఏం లేదులే, వదిలెయ్" అనేవాళ్ళు. మందుల షాపులో ఒకామె ఉచ్చారణ కూడబలుక్కుంటూ "ఇది రోజుకి ఎన్నిసార్లు?" అని అడుగుతుంది. చెప్తారు. చివర్న ఇంకేదో కలుపుతారు. "చివరిది అర్థం కాలేదండీ, నేనింకా నేర్చుకుంటున్నాను" అంటుంది. "ఏం లేదులెండి." పక్కన సహాయకుడు ఆమె యాసని అనుకరించి నవ్వుతాడు. ఏం లేకపోతే ఎందుకు చెప్పావు? ఆ చివరి ముక్క "ఖాళీ కడుపుతో వేసుకోవద్దు" కావచ్చు, "వేసుకున్నాక బండి నడపొద్దు" కావచ్చు. అది ఆమెకి చెందిన సమాచారం, నీ ఓపిక అయిపోయినంత మాత్రాన దాన్ని దాచుకునే హక్కు నీకెవరిచ్చారు? ఇదే మనిషి సాయంత్రం నలుగురిలో కూర్చుని "మన చోటికొచ్చేవాళ్ళు మన భాష నేర్చుకోరు" అని వాపోతాడు. నేర్చుకోడానికొచ్చిన మనిషి పొద్దున నీ ముందే నిలబడింది కదయ్యా! ఆమె అడిగింది ఒక్క వాక్యం. నువ్వు ఖర్చు పెట్టాల్సింది పది సెకన్లు. ఆ పది సెకన్లనీ నవ్వడానికి వాడుకున్నావు.

కాబట్టి అమ్మా, అలాంటి కౌంటర్ ముందు మొహమాటపడొద్దు. "ఏం లేదు" అన్నాసరే కదలొద్దు. మందు డబ్బా వాళ్ళ ముందు పెట్టి, "చివర్న చెప్పింది దీని మీద రాసివ్వండి" అనండి. వెనక క్యూ గొణిగితే గొణగనివ్వండి.