టీబీ మందు మొదలైతే మాలా-ఎన్ పనిచేస్తుందా? ఏఆర్‌టీ వాడే మహిళను ఎవరూ అడగని ప్రశ్న

హెచ్‌ఐవీతో జీవిస్తున్న మహిళ ఏఆర్‌టీ సెంటర్‌లో వైరస్‌ను అదుపులో ఉంచే మందు తీసుకుంటుంది. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ఏఎన్‌ఎం దగ్గరో పీహెచ్‌సీలోనో మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్ర తీసుకుంటుంది. మొదటిచోట గర్భనిరోధకం గురించి పెద్దగా అడగరు. రెండోచోట తాను పాజిటివ్ అని ఆమె చెప్పదు. ఊళ్లో తెలిసిపోతుందన్న భయం ఆమెది, ఆ భయాన్ని తప్పుపట్టలేం. అయితే రెండు మందులూ చేరేది ఒకే ఒంట్లోకి. అక్కడ వాటికి పొంతన కుదురుతుందో లేదో చూసేవాళ్లు లేకుండా పోతున్నారు.

అసలు ఏం జరుగుతుందో ముందు చూద్దాం. గర్భనిరోధక మాత్రల్లోని హార్మోన్లను కాలేయం కొద్దికొద్దిగా విరిచి బయటికి పంపేస్తుంది. ఆ పని ఎక్కువగా చేసేది సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్. కొన్ని మందులు వాడుతుంటే కాలేయం ఈ ఎంజైమ్‌ను మామూలు కంటే ఎక్కువగా తయారుచేస్తుంది. అప్పుడు హార్మోన్ త్వరగా ఖర్చైపోతుంది. మాత్ర రోజూ వేళకి వేసుకుంటున్నా రక్తంలో ఉండాల్సినంత హార్మోన్ ఉండదు. హెచ్‌ఐవీ మందుల్లో ఈ పని గట్టిగా చేసేది ఎఫావిరెంజ్. టీబీకి వాడే రిఫాంపిసిన్ ప్రభావం అంతకంటే ఎక్కువ. మూర్ఛకు వాడే కార్బమజెపైన్, ఫెనిటాయిన్ కూడా ఇదే కోవలోకి వస్తాయి.

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది ఉగాండాలో జరిగి 2016లో వెలువడిన ఒక అధ్యయనం. మోచేతికి పైన, చర్మం కింద పెట్టే లెవోనోర్‌జెస్ట్రెల్ అనే హార్మోన్ ఇంప్లాంట్ మామూలుగా ఏడాదిలో నూటికి ఒక్కరిలో కూడా విఫలం కాదు. ఎఫావిరెంజ్ వాడుతున్న 20 మంది మహిళలకు ఆ ఇంప్లాంట్ పెడితే, ఏడాది తిరగకముందే ముగ్గురు గర్భవతులయ్యారు. వాళ్ల రక్తంలో హార్మోన్, ఎఫావిరెంజ్ వాడని మహిళలతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. ఇంప్లాంట్ రోజూ విడుదల చేసే హార్మోన్ చాలా తక్కువ. అందులో సగం పోతే ఇక రక్షణ నిలవదు. అదే మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్‌లో 150 మిల్లీగ్రాముల మందు ఒకేసారి ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి, కాలేయం కొంత ఎక్కువ ఖర్చుచేసినా మిగిలింది సరిపోతుంది. కాపర్‌-టిలో హార్మోనే లేదు, అందువల్ల ఏ మందుతోనూ దానికి పేచీ రాదు.

ఇప్పుడు మన ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువ మందికి ఇచ్చేది టీఎల్‌డీ మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర అది. డోల్యుటెగ్రావిర్ హార్మోన్లను తగ్గించదు. హార్మోన్లు కూడా దాని పనికి అడ్డుపడవు. టీఎల్‌డీ మాత్రమే వాడుతున్న మహిళ మాలా-ఎన్, అంతర, ఇంప్లాంట్, కాపర్‌-టి ఏది ఎంచుకున్నా హెచ్‌ఐవీ మందు వల్ల ఇబ్బంది రాదు. ఎఫావిరెంజ్ రోజులతో పోలిస్తే ఇది పెద్ద ఊరట. మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే రెండో వరుస మందులైన అటాజనావిర్, లోపినావిర్‌లను రిటోనావిర్‌తో కలిపి వాడేవాళ్లకు మాత్రం మాత్రల్లోని ఈస్ట్రోజన్ కొంత తగ్గుతుంది. వాళ్లు ఇంజెక్షన్‌కో కాపర్‌-టికో వెళ్లడం మేలు, మాత్రలే కావాలనుకుంటే కండోమ్ తప్పనిసరి.

అయితే టీఎల్‌డీ వచ్చింది కదా, ఇక సమస్య తీరిపోయింది అనుకోవడానికి లేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు టీబీ సోకే అవకాశం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. లెక్క మొత్తం తారుమారయ్యేది అక్కడే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 27 ఏళ్ల మహిళ, ఒక బాబు ఉన్నాడు, రెండో బిడ్డ రెండేళ్లు ఆగాక కావాలి. రాత్రి టీఎల్‌డీ, దాంతోపాటు మాలా-ఎన్ వేసుకుంటోంది. దగ్గు తగ్గక పరీక్ష చేయిస్తే ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. ఆరు నెలల చికిత్స మొదలైంది, అందులో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా రిఫాంపిసిన్ ఉంటుంది. రిఫాంపిసిన్ డోల్యుటెగ్రావిర్‌ను కూడా తగ్గించేస్తుంది కాబట్టి, టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు 50 మిల్లీగ్రాముల డోల్యుటెగ్రావిర్ మాత్ర ఇంకొకటి ఇస్తారు. టీబీ కోర్సు అయిపోయాక కూడా రెండు వారాల పాటు దాన్ని కొనసాగిస్తారు. ఈ జాగ్రత్త ఏఆర్‌టీ సెంటర్ వాళ్లకు బాగా తెలుసు. కానీ అదే రిఫాంపిసిన్ ఆమె మాలా-ఎన్‌ను కూడా పనికిరాకుండా చేస్తుందన్న మాట ఎవరు చెప్తారు? మాలా-ఎన్ సంగతే సెంటర్‌కు తెలియదు. మాలా-ఎన్ ఇచ్చిన ఏఎన్‌ఎంకు టీబీ సంగతి తెలియదు. నెలసరి తప్పేవరకూ ఆమెకు ఏ సూచనా కనిపించకపోవచ్చు. కొందరికి మధ్యలో కొద్దిగా రక్తం కనిపిస్తుంది. టీబీ నీరసం వల్ల అనుకుని దాన్ని పట్టించుకోరు.

ఈమెకు ఏది సరిపోతుంది? కాపర్‌-టికి మందులతో గొడవ లేదు, నిజమే. కానీ ఊపిరితిత్తుల టీబీ వచ్చిందంటే హెచ్‌ఐవీ మూడో దశకు చేరినట్టు లెక్క. ఆ దశలో కొత్తగా కాపర్‌-టి వేయడం మామూలుగా వద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆరోగ్యం కుదుటపడ్డాక వేయవచ్చు. ముందే వేయించుకుని ఉంటే మాత్రం తీయాల్సిన పనిలేదు. అందువల్ల ఈ ఆరు నెలలకు ఆమెకు కుదిరేది అంతర ఇంజెక్షన్. మామూలు మహిళకు ఇంజెక్షన్ నాలుగు వారాల దాకా ఆలస్యమైనా వేస్తారు. ఈమె విషయంలో ఆ వెసులుబాటు వాడుకోకూడదు. ఎఫావిరెంజ్, రిఫాంపిసిన్ రెండూ వాడుతున్న మహిళలపై చేసిన అధ్యయనంలో, 12వ వారానికి దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి మందు ఉండాల్సిన స్థాయి కంటే కిందికి దిగింది. వాళ్లలో ఎవరికీ అండం విడుదల కాలేదు గానీ, తేదీ దాటనివ్వకూడదన్న సంగతి దాన్నిబట్టే తెలుస్తోంది. టీబీ కోర్సు పూర్తయిన మర్నాడే మాలా-ఎన్‌కు తిరిగి మారకూడదు. పెరిగిన ఎంజైమ్ మామూలు స్థాయికి రావడానికి నాలుగు వారాలు పడుతుంది.

కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర విషయమూ ఇంతే. ఎఫావిరెంజ్‌తో కలిస్తే ఆ మాత్రలోని లెవోనోర్‌జెస్ట్రెల్ సగానికి పైగా తగ్గిపోతుంది. ఇలాంటప్పుడు బ్రిటన్‌లో మోతాదు రెట్టింపు చేయమంటారు. అంతకంటే గట్టి మార్గం, అయిదు రోజుల్లోపు కాపర్‌-టి వేయించుకోవడం. మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని వేసుకునే మహిళకు ఈ సంగతి తెలిసే దారే లేదు.

మాలా-ఎన్ ప్యాకెట్‌లో పెద్దగా ఎవరి దృష్టికీ రాని ఇంకో విషయం ఉంది. అందులోని 28 మాత్రల్లో 21 మాత్రమే హార్మోన్ మాత్రలు. ముదురు రంగులో ఉండే మిగతా ఏడూ ఐరన్ మాత్రలు. ఐరన్ డోల్యుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టేసుకుంటుంది. ఖాళీ కడుపుతో రెండూ కలిపి వేసుకుంటే ఒంటికి అందే డోల్యుటెగ్రావిర్ సగానికి పైగా తగ్గుతుంది. అంటే హార్మోన్‌తో ఏ పేచీ లేకపోయినా, ఆ ఏడు రోజులు హెచ్‌ఐవీ మందే దెబ్బతినే ప్రమాదం ఉంది. పరిష్కారం తేలికే. రెండింటినీ భోజనంతో కలిపి వేసుకుంటే చాలు. లేదా ఐరన్ మాత్రకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి. రాత్రి పడుకునేముందు ఖాళీ కడుపుతో రెండూ ఒకేసారి మింగేసే అలవాటు ఉంటే మానుకోవాలి. క్యాల్షియం మాత్రలకూ ఇదే పద్ధతి. గ్యాస్ కోసం తాగే యాంటాసిడ్‌కు మాత్రం భోజనంతో కలిపినా లాభం లేదు, గంటల తేడా పాటించాల్సిందే.

ఇక కండోమ్ మాట. “ఇంత మంచి మందులు వచ్చాయి, వైరల్ లోడ్ కనిపించనంత తగ్గింది, ఇంకా కండోమ్ ఎందుకు?” అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న న్యాయమైందే. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, గుర్తించలేనంత తక్కువగా ఉండి, అలాగే కొనసాగితే లైంగిక సంపర్కం ద్వారా హెచ్‌ఐవీ సోకదని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. ఈ సంగతిని పాజిటివ్ మహిళలకు చెప్పకుండా దాచి, భయపెట్టి కండోమ్ వాడించాలని చూడటం తప్పు.

అయినా కండోమ్ అవసరం తీరిపోలేదు. “అలాగే కొనసాగితే” అన్న షరతు మన దగ్గర ఎలా నిలుస్తుందో చూడండి. మందు మొదలుపెట్టాక ఆరో నెలలో, పన్నెండో నెలలో వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. తర్వాత ఏడాదికోసారి. ఆ కాగితం రక్తం తీసిన రోజు సంగతి చెప్తుంది, ఆ తర్వాత పదకొండు నెలల సంగతి చెప్పదు. మధ్యలో మిర్చి కోతలకో ఇటుక బట్టీలకో వలసపోయి నెలరోజులు మందు ఆగిపోతే వైరస్ మళ్లీ పెరుగుతుంది. టీబీ మందు వాడుతూ రెండో డోల్యుటెగ్రావిర్ మాత్ర మర్చిపోతున్నా పెరగొచ్చు. పైగా ఏఆర్‌టీ అదుపు చేసేది హెచ్‌ఐవీనే. సిఫిలిస్, గనేరియా దానికి లొంగవు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ కూడా అంతే. హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు ఈ క్యాన్సర్ ముప్పు మిగతావాళ్ల కంటే ఆరు రెట్లు. కండోమ్ హెచ్‌పీవీని పూర్తిగా ఆపలేదు గానీ, సోకే అవకాశాన్ని తగ్గిస్తుంది.

అలాగని కండోమ్ ఒక్కదాన్నే నమ్ముకోవడమూ సరికాదు. అందరూ వాడే తీరులో చూస్తే, దాని మీదే ఆధారపడినవాళ్లలో ఏడాదికి నూటికి 13 మంది గర్భవతులవుతారు. అందుకే ఇంకో పద్ధతి తోడుండాలంటారు. ఈ రెండోది ఆమె చేతిలో ఉండేదై ఉండాలని నా అభిప్రాయం. ఎందుకంటే సలహా ఇచ్చేది ఆమెకు, తొడుక్కోవాల్సింది అతను. భర్తను ఒక్కసారైనా కౌన్సెలర్ ముందు కూర్చోబెట్టకుండా “కండోమ్ వాడమ్మా” అని ఆమెకే చెప్పి పంపడం ఆమె మీద ఇంకో టెన్షన్ పెట్టడమే.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకో చిక్కు ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. నిరోధ్ అంటే పిల్లలు పుట్టకుండా ఉండటానికే అన్న భావన ఇళ్లలో పాతుకుపోయింది. అందుకని “ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకెందుకు” అని భర్త దాన్ని పక్కనపెట్టేస్తాడు. ఆపరేషన్ ఏ మందుతోనూ పేచీ పడదు, గర్భం రాకుండా బాగా కాపాడుతుంది. సిఫిలిస్‌కు, హెచ్‌పీవీకి మాత్రం అది అడ్డుగోడ కాదు. కౌన్సెలింగ్‌లో కండోమ్‌ను కుటుంబ నియంత్రణ పాఠం నుంచి విడదీసి, ఆపరేషన్ అయినవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడాలి. పాజిటివ్ కాబట్టి ఆపరేషన్ చేయించుకోమని ఒత్తిడి చేసే పాత ధోరణి ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్నీ మానాలి. గర్భిణిగా ఉన్న పాజిటివ్ మహిళకు ఆమె సమ్మతి లేకుండా ఆపరేషన్ గానీ గర్భస్రావం గానీ చేయకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం స్పష్టంగా చెప్పింది.

పొంతన చూడాల్సిన బాధ్యత ఏఆర్‌టీ సెంటర్‌దే కావాలి. ఎందుకంటే తన స్థితి దాచాల్సిన పని ఆమెకు లేని చోటు అదొక్కటే. మందు ఇచ్చే ప్రతిసారీ పిల్లలు పుట్టకుండా ఏం వాడుతున్నారు, ఈ మధ్య టీబీకో మూర్ఛకో కొత్త మందు మొదలైందా అని అడిగి రాసుకోవచ్చు. అంతర వాడేవాళ్లకైతే తర్వాతి ఇంజెక్షన్ తేదీ కూడా రాసుకోవాలి. మాలా-ఎన్, అంతర అక్కడే ఇవ్వగలిగితే ఇంకా మంచిది. అప్పుడు టీబీ చీటీ రాసే రోజే, అదే గదిలో మాలా-ఎన్ ఆపి ఇంజెక్షన్ వేసే వీలుంటుంది.