సాక్షి బోనెక్కేలోపు జరిగేదేమిటి?

‘నేనేమీ చూడలేదు. పోలీసులు నన్ను విచారించలేదు.’ మన సెషన్స్ కోర్టుల్లో సాక్షుల నోట పదే పదే వినిపించే మాటలివి. ఈ మాట రాగానే పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేచి, సాక్షి ఎదురు తిరిగాడని చెప్పి, అతన్ని తానే అడ్డ ప్రశ్నలు వేసేందుకు అనుమతి అడుగుతారు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం చదివి ‘అప్పుడు ఇలా చెప్పావా?’ అంటారు. ‘చెప్పలేదు’ అంటాడు సాక్షి. కాసేపట్లో ఆ తతంగం ముగుస్తుంది. తీర్పు వచ్చాక అందరూ సాక్షినే నిందిస్తారు. ఆ నింద చాలావరకు అన్యాయమని నా అభిప్రాయం. వాంగ్మూలం ఇచ్చిన రోజుకూ బోనెక్కిన రోజుకూ మధ్య గడిచిన కాలంలో అతనికి ఏం జరిగిందో ఎవరూ అడగరు.

పోలీసులు దర్యాప్తులో నమోదు చేసే వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు. సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. పాత నేర విచారణ స్మృతిలో 161, 162 సెక్షన్లలో ఉన్న ఈ నియమాలు ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 180, 181 సెక్షన్లుగా కొనసాగుతున్నాయి. పోలీసులు బలవంతంగా రాయించుకునే ప్రమాదం ఉంది కనుక ఆ కాగితాన్ని సాక్ష్యంగా వాడకూడదన్నది దీని ఉద్దేశం. సాక్షి కోర్టులో మాట మార్చినప్పుడు, ముందు వేరేలా చెప్పాడని చూపడానికి మాత్రమే అది పనికొస్తుంది. నియమం మంచిదే. కానీ దాని ఫలితంగా కేసు బరువంతా సాక్షి కోర్టులో నోరు విప్పే ఆ ఒక్క రోజు మీద పడుతుంది. ఆ సంగతి నిందితుడికి బాగా తెలుసు. ఆ రోజు రావడానికి ఏళ్లు పడుతుందన్న సంగతీ తెలుసు.

బెస్ట్ బేకరీ కేసు చూడండి. 2002 మార్చి 1న వడోదరలో ఒక బేకరీకి నిప్పుపెట్టారు. 14 మంది చనిపోయారు. ఆ బేకరీ యజమాని కుటుంబానికి చెందిన యువతి ప్రధాన సాక్షి. 2003 జూన్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు 21 మంది నిందితులనూ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ప్రధాన సాక్షితో పాటు పలువురు సాక్షులు అప్పటికే ఎదురు తిరిగారు. ప్రాణభయంతోనే కోర్టులో అబద్ధం చెప్పానని తీర్పు వెలువడ్డాక ఆమె బయటపెట్టింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసి, పునర్విచారణను మహారాష్ట్రకు మార్చింది.

కథ అక్కడితో ముగిసినట్టే అనిపిస్తుంది. ఆ ఏడాది చివరికి ఆమె మళ్లీ మాట మార్చింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆమెకు కోర్టు ధిక్కారం కింద ఏడాది జైలు, 50 వేల రూపాయల జరిమానా విధించింది. చట్టం దృష్టిలో ఆ శిక్షకు కారణాలున్నాయి. నన్ను కలచివేసేది వేరే విషయం. సొంతవాళ్లు కళ్లెదుట కాలిపోతుంటే చూసిన యువతికి వ్యవస్థ చివరికి చేసి చూపించింది శిక్షే. మరోపక్క, ముంబై కోర్టు 2006 ఫిబ్రవరిలో తొమ్మిది మందిని దోషులుగా తేల్చింది. 2012లో బాంబే హైకోర్టు వారిలో ఐదుగురిని విడిచిపెట్టి, నలుగురికి యావజ్జీవాన్ని ఖాయం చేసింది. ఆ నాలుగు శిక్షలు నిలబడ్డది ఆ రాత్రి గాయపడి బతికిన బేకరీ పనివాళ్ల సాక్ష్యం మీద. విచారణ స్థలం మారాక వాళ్లు మాట్లాడగలిగారు.

ఈ తరహా రక్షణ ఒక్కో కేసులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంటే తప్ప దొరకని రోజులవి. 2018 డిసెంబరు 5న మహేందర్ చావ్లా కేసు తీర్పుతో పరిస్థితి మారింది. కేంద్రం రూపొందించిన సాక్షుల రక్షణ పథకాన్ని, పార్లమెంటు చట్టం చేసేదాకా అదే చట్టంగా అమలు కావాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇప్పుడు సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రమూ ఇలాంటి పథకాన్ని ప్రకటించాలి.

ఆ పథకం పనిచేసే తీరు ఇది. సాక్షి దరఖాస్తు చేసుకుంటే, ఆ సబ్‌డివిజన్ పోలీసు అధికారి, అంటే డీఎస్పీ లేదా ఏసీపీ, ముప్పు ఎంతో అంచనా వేసి నివేదిక ఇవ్వాలి. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ దాన్ని చూసి ఉత్తర్వు ఇస్తుంది. కోర్టుకు తోడుగా పోలీసును పంపడం నుంచి ఇల్లు మార్చడం, గుర్తింపు దాచడం వరకు రకరకాల ఏర్పాట్లకు అవకాశముంది. ఒకసారి ఇచ్చిన రక్షణ మూడు నెలలు మించకూడదు. ఆ తర్వాత పొడిగించుకోవాలి.

నాకు ఇందులో రెండు చోట్ల గట్టి అభ్యంతరముంది. మొదటిది ఆ నివేదిక. సాక్షి భయపడేది స్థానికంగా పలుకుబడి ఉన్నవాడికి, కొన్నిసార్లు పోలీసుకే. అతని భయం నిజమో కాదో తేల్చే కాగితం మాత్రం అదే ప్రాంతపు పోలీసు అధికారి రాయాలి. ఇలాంటి కేసుల్లో నివేదిక వేరే జిల్లా అధికారి నుంచి రావాలి.

రెండోది ముప్పును కొలిచే పద్ధతి. కత్తితో బెదిరిస్తే ఫిర్యాదు చేయవచ్చు. ఎక్కువ మంది సాక్షులకు అలాంటి బెదిరింపు రాదు. అప్పు ఇచ్చినవాడు తిరిగి అడుగుతాడు. కూలికి పిలిచేవాళ్లు పిలవడం మానేస్తారు. బంధువొకరు ఇంటికొచ్చి ‘పిల్ల పెళ్లి కావాల్సి ఉంది, మనకెందుకు ఈ గొడవ’ అని మెల్లగా నచ్చజెబుతాడు. వీటిలో ఏదీ నేరం కాదు, ఏదీ నివేదికలోకి ఎక్కదు. మూడు నెలల పోలీసు కాపలా ఈ ఒత్తిడిని ఆపలేదు. దాన్ని ఆపాలంటే కాలాన్ని కుదించడమొక్కటే దారి.

2015లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన వినోద్‌కుమార్ కేసు దీన్ని స్పష్టంగా చూపిస్తుంది. పంజాబ్‌లో ఒక లంచం కేసు అది. ఒక సాక్షి 1999 సెప్టెంబరులో ప్రధాన విచారణలో, అంటే తనను పిలిపించిన పక్షం అడిగే ప్రశ్నలకు జవాబిస్తూ, ప్రాసిక్యూషన్‌కు అనుకూలంగా చెప్పాడు. డిఫెన్సు న్యాయవాది అడ్డ ప్రశ్నలకు వాయిదా కోరితే కోర్టు ఇచ్చింది. అడ్డ ప్రశ్నలు జరిగింది 2001 మే నెలలో, 20 నెలల తర్వాత. అప్పటికి అదే సాక్షి తాను ముందు చెప్పినదంతా కాదనేశాడు. ప్రధాన విచారణ ముగిసిన రోజే, కుదరకపోతే మర్నాడే అడ్డ ప్రశ్నలు పూర్తి కావాలని సుప్రీంకోర్టు ఆవేదనతో చెప్పింది. మాట మార్చినంత మాత్రాన సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోదని గుర్తుచేస్తూ, అతను ముందు చెప్పిన మాటల్ని నమ్మి శిక్షను సమర్థించింది.

అక్కడ ఆ 20 నెలలను తుపాకీతో కాపలా కాయాల్సిన పని లేదు. వాయిదా ఇవ్వకుండా ఉంటే సరిపోయేది. సురక్షా సంహిత 346వ సెక్షన్ కూడా విచారణ రోజువారీగా సాగాలనే చెబుతోంది. సాక్షి హాజరైన రోజున వాయిదా అడిగితే, కారణం రాయించుకుని, ఆ సాక్షి రానుపోను ఖర్చును అడిగినవారి నుంచే ఇప్పించే అధికారం కోర్టుకుంది. దాన్ని వాడుకోవడం లేదు.

మరో పని పోలీసుల చేతిలో ఉంది. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు తప్పనిసరిగా నమోదు చేయాలని 183వ సెక్షన్ అంటోంది. దానిమీద సాక్షి సంతకం ఉంటుంది. అదొక్కటే శిక్షకు ఆధారం కాదు. అయినా మొదటి వారంలోనే అది పూర్తయితే, సాక్షి నోరు మూయించడం వల్ల వచ్చే లాభం నిందితుడికి సగానికి తగ్గుతుంది.

ఇక రక్షణ పథకం గురించి సాక్షులకు తెలియజేయాల్సిన బాధ్యత దర్యాప్తు అధికారిదీ కోర్టుదీ అని ఆ పథకంలోనే రాసి ఉంది. సమన్లతో పాటు ఒక కాగితం జతచేసి, అందులో దరఖాస్తు ఎవరికి ఇవ్వాలో, జిల్లా జడ్జి కార్యాలయం ఎక్కడుందో తెలుగులో రాసి పంపడానికి కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లా జడ్జి ఒక ఉత్తర్వు ఇస్తే రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.