‘చెక్కులు ఆపేయండి’ అనే ఆ ఫార్వర్డ్ గురించి

«స్పోర్ట్స్ అకాడమీ మాన్పించే తల్లిదండ్రులకు ముఖ్య గమనిక! 1. మైనర్ పేరున రాసిన అగ్రిమెంట్ చెల్లదు. 2. మిగిలిన చెక్కులకి స్టాప్ పేమెంట్ పెట్టేయండి, కాషన్ డిపాజిట్‌ని చివరి ఫీజు కింద పట్టుకోమనండి. 3. కిట్ మన డబ్బుతో కొన్నదే, తిరిగివ్వకండి. 4. లాక్-ఇన్ పెనాల్టీ ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. 5. కన్స్యూమర్ ఫోరంకి వెళ్తే 15 రోజుల్లో డబ్బు వాపస్. అందరికీ షేర్ చేయండి!»

ఈ వారంలో ఇది నాలుగోసారి. స్కూల్ గ్రూపులో ఒకరు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇద్దరు, చివరికి మా బావమరిది కూడా. ‘బావా, నీకు పనికొస్తుంది చూడు’ అట. నాకు ఆ పని 2025 మొదట్లోనే అయిపోయింది. మా అమ్మాయిని హైదరాబాద్‌లో ఒక బ్యాడ్మింటన్ అకాడమీ మాన్పించి లెక్క తేల్చుకునేసరికి రెండు నెలలు పట్టింది. అందుకే చదివిన ప్రతిసారీ ఒళ్లు మండుతోంది.

మైనర్ సంగతి ముందు తేల్చేద్దాం. పదమూడేళ్ల పిల్ల ఒప్పందానికి కట్టుబడక్కర్లేదన్న మాట నిజమే, 1903లో ప్రివీ కౌన్సిల్ తీర్పు వచ్చిన దగ్గర్నుంచీ అంతే. కానీ మీ అగ్రిమెంట్ చివరి పేజీ తీయండి. ఫీజు నేను కడతానని కింద సంతకం పెట్టింది ఎవరు? నాన్న. నాన్నకి పద్దెనిమిదేళ్లు ఎప్పుడో నిండాయి.

ఇక రెండోది. మిగతావన్నీ డబ్బు నష్టంతో పోతాయి, ఇది మాత్రం కోర్టు మెట్లెక్కిస్తుంది. చెక్కు ఇచ్చేసి, బ్యాంకుకి స్టాప్ పేమెంట్ చెబితే అది ‘బౌన్స్’ కాదని చాలామంది నమ్మకం. చెక్కుల చట్టం 138 సెక్షన్ దాన్నీ బౌన్స్ కిందే చూస్తుందని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో అకాడమీ నోటీసు పంపుతుంది. అది మీ చేతికి వచ్చాక కట్టడానికి 15 రోజులు ఉంటాయి. కట్టకపోతే క్రిమినల్ కేసు, రెండేళ్ల వరకు జైలు గానీ, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గానీ, రెండూ గానీ. ‘మాది చెక్కు కాదు, ఆటో డెబిట్’ అని నవ్వకండి. దానికీ 2007 నాటి పేమెంట్స్ చట్టంలో ఇలాంటి సెక్షనే ఉంది.

అయితే మానేసిన నెలలకి కూడా కట్టాలా? అక్కర్లేదు. చెక్కు బ్యాంకులో వేసే రోజుకి మనం నిజంగా బాకీ ఉంటేనే ఆ కేసు నిలుస్తుంది. బాకీ లేమని చూపించాలంటే, అంతకుముందే అగ్రిమెంట్ ముగించినట్టు కాగితం ఉండాలి. మొత్తం వ్యవహారం ఈ వరుసలోనే ఉంది, ఫార్వర్డ్ దాన్ని తలకిందులు చేసింది.

నేను చేసింది ఇది. మూడేసి నెలలకి ముందే కట్టే పద్ధతి మాది. నెలకి 12,000, మీద 18 శాతం జీఎస్‌టీ, వెరసి 14,160. ఫిబ్రవరి దాకా కట్టేశాం. మార్చి నుంచి మే దాకా 42,480 చెక్కు వాళ్ల దగ్గరుంది. అగ్రిమెంట్‌లో నెల రోజుల నోటీసు అని ఉంది. డిసెంబర్ 31న ఆఫీసు మెయిల్‌కి రాశాను: ఫలానా క్లాజు ప్రకారం జనవరి 31తో ముగిస్తున్నాం, ఫలానా నంబరు చెక్కు వాపసివ్వండి, బ్యాంకులో వేయకండి, ఫిబ్రవరి ఫీజు, డిపాజిట్ ఈ అకౌంట్‌కి పంపండి. కోచ్‌కి వాట్సాప్‌లో చెప్పడం నోటీసు కాదు. ఆయన ‘ఓకే సార్’ అని బొటనవేలు చూపిస్తాడు, ఆఫీసులో మాత్రం ఎవరికీ తెలియదు. రాతపూర్వకంగా అడిగినా చెక్కు ఇవ్వకపోతే అప్పుడు స్టాప్ పేమెంట్, అదీ అకౌంట్‌లో డబ్బు ఉంచుకుని.

డిపాజిట్‌ని మనంతట మనమే ఫీజు కింద సర్దేస్తే ఏమవుతుంది? అప్పటిదాకా వాళ్లు మనకి ఇవ్వాల్సినవాళ్లు. మరుసటి రోజు నుంచి మనం ఎగ్గొట్టినవాళ్లం, పైన లేట్ ఫీజు. బంగారం లాంటి సలహా!

కిట్ విషయంలో మెసేజ్ రాసినవాడు ఎప్పుడూ రసీదు చూసినట్టు లేడు. బిల్లులో కిట్ అని వేరే లైను ఉండి, దానికి డబ్బు కట్టి ఉంటే మీదే. రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని ఇచ్చి ఉంటే అకాడమీది. మాకు రెండు రాకెట్లు, బ్యాగు, ట్రాక్‌సూట్, షూస్ రిజిస్టర్‌లో ఇచ్చారు. లెక్కల కాగితంలో మొత్తం కొత్త ధర 18,000 వేశారు. ఎనిమిది నెలలు వాడిన షూస్‌కి కొత్త ధర! ‘మామూలు అరుగుదల మినహా’ అని వాళ్ల అగ్రిమెంట్‌లోనే ఉంది. ఆ లైను మీద వేలు పెట్టి చూపిస్తే షూస్, ట్రాక్‌సూట్ లెక్కలోంచి తీసేశారు.

మిగిలింది ఒక రాకెట్. అందులో తీగలు కోసేసి ఉన్నాయి. ఫ్రేమ్ మీద, గడియారంలో రెండు గంటలు ఉండే చోట, రంగు కింద వెంట్రుకంత గీత. కోచ్ గోటితో గీకి చూపించాడు. డబుల్స్‌లో భాగస్వామి రాకెట్ తగిలితే ఇలాగే అవుతుంది, ఇదీ అరుగుదలేనని మూడు రోజులు వాదించాను. మూడో రోజు రాత్రి మా అమ్మాయి మెల్లగా, ‘నాన్నా, ఆ రోజు ఓడిపోయాక నేలకేసి కొట్టా’ అంది. 2,500 ఒప్పుకున్నాను.

నాలుగోది మాత్రం, చెప్పడానికి మనసు రావట్లేదు గానీ, చాలావరకు కరెక్టే. ఏడాది నిండకుండా మానేస్తే డిపాజిట్ జప్తు అని మా అగ్రిమెంట్‌లోనూ ఉంది. కాంట్రాక్ట్ చట్టం 74 సెక్షన్ ప్రకారం కాగితం మీద ఎంత రాసుకున్నా, అది గరిష్ఠ పరిమితి మాత్రమే, దక్కేది న్యాయమైన పరిహారమే. మా పిల్ల స్లాట్‌లో ఫిబ్రవరి రెండో వారానికే ఇంకో పిల్లాడు చేరాడు. మరి నష్టం ఎక్కడ? ఈ ప్రశ్న మెయిల్‌లో అడిగాక జప్తు మాట మళ్లీ ఎత్తలేదు. ‘ఒక్క రూపాయి’ అన్నది మాత్రం తప్పు. పిల్ల కోసం వాళ్లు ముందే కట్టిన టోర్నమెంట్ ఎంట్రీ ఫీజు 1,200 మేమే భరించాం.

పదిహేను రోజుల్లో వాపసా? ఫోరం పేరు మారి కమిషన్ అయి ఏళ్లయింది, ముందు అది సరిచేసుకోండి. చట్టంలో రాసిన గడువే మూడు నెలలు, నడిచేది అంతకన్నా ఎక్కువ. అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేకుండా మనమే వేసుకోవచ్చు, రెండేళ్లలోపు వేయాలి. స్కూలు సొంతంగా నడిపే ఆటలైతే, అవి వినియోగదారుల చట్టం కిందకి రావన్న 2020 నాటి జాతీయ కమిషన్ తీర్పు అడ్డొస్తుంది. విడిగా నడిచే కోచింగ్‌కి ఆ చిక్కు లేదు. నేను అంతదూరం వెళ్లలేదు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు మెయిల్‌లో పెట్టడంతోనే సరిపోయింది.

మొదట వాళ్ల కాగితం ప్రకారం ఫిబ్రవరి రాదు, డిపాజిట్ రాదు, పైగా మేమే 18,000 కట్టాలి. జీఎస్‌టీ అయితే ‘గవర్నమెంట్‌కి వెళ్లిపోయింది సార్’. వెళ్లినా క్రెడిట్ నోట్ ఇచ్చి సర్దుకోవచ్చు, దానికి తర్వాతి నవంబర్ 30 దాకా టైముందని వాళ్ల ఆడిటర్‌నే అడగమన్నాను. చివరికి 30,000 డిపాజిట్, ఫిబ్రవరి 14,160, అందులోంచి 2,500, 1,200 పోను 40,460 పడింది. డబ్బు అకౌంట్‌లో కనబడ్డాకే, చెక్కు చేతికొచ్చాకే ‘ఇక బాకీల్లేవు’ కాగితం మీద సంతకం పెట్టాను. టోర్నమెంట్ రిజిస్ట్రేషన్‌లో అకాడమీ ఫోన్ నంబరే ఉంది, అదీ అదే రోజు మార్పించాను. విరిగిన రాకెట్ వాళ్లకి అక్కర్లేదన్నారు, మా అమ్మాయి గదిలో మేకుకి వేలాడుతోంది.