సవరణ: పోషక పానీయం భోజనంతో పాటు కాదు

“మీరు రాసినట్టే నాన్నకు అన్నంతో పాటు గ్లాసు పోషక పానీయం ఇస్తున్నాం. ఇప్పుడు అన్నం ఇంకా తగ్గింది. ఎందుకు?”

తప్పు నాదే. చీటీలో 250 మి.లీ. చొప్పున రోజుకు 2 సార్లు, భోజనంతో ఇవ్వమని రాశాను. ఆకలి లేని మనిషికి ఆ గ్లాసుతోనే కడుపు నిండిపోతుంది.

ఉదాహరణకు, 3 నెలల్లో 50 కిలోల నుంచి 46కి తగ్గి, సగం అన్నమే తింటున్న పెద్దాయన. మి.లీ.కు 1 కిలోక్యాలరీ ఉండే రకం 500 మి.లీ. తాగితే 500 వస్తాయి. 1.5 ఉండే చిక్కటి రకం 400 మి.లీ.కే 600 ఇస్తుంది. దాన్ని 100 మి.లీ. చొప్పున ఉదయం 7కి, 10:30కి, సాయంత్రం 4కి, రాత్రి పడుకునే ముందు ఇవ్వమని రాయాలి. ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా తాగాలి. గబగబా తాగితే కొందరికి విరేచనాలవుతాయి. మూత తీసిన సీసా ఫ్రిజ్‌లో పెట్టి, 24 గంటల్లో వాడేయాలి. షుగర్, కిడ్నీ జబ్బు ఉంటే రకం మారుతుంది. మింగేటప్పుడు దగ్గు వస్తే ముందు మింగడం సరిగా ఉందో లేదో పరీక్ష చేయించాలి.

సమీక్ష తేదీ నేను అసలు రాయలేదు, అది ఇంకా పెద్ద లోపం. చీటీ మీదే 2 వారాల తర్వాతి తేదీ వేయాలి. ఆ రోజు బరువుతో పాటు రోజూ ఎంత మిగిలిందో అడగాలి. సగం సీసా మిగులుతుంటే రుచో, వేళో మార్చాలి, మోతాదు పెంచకూడదు. అన్నం మళ్లీ బాగా తింటూ బరువు నిలబడితే మెల్లగా తగ్గించి ఆపేయాలి.