సముద్రపు గాలి తిరగని రోజులు

విశాఖలో వేసవి రోజు ఎలా గడుస్తుందో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే ఎండ చురుక్కుమంటుంది. పది, పదకొండు గంటలవేళ సముద్రం మీద నుంచి గాలి తిరుగుతుంది. ఉక్క పోస్తుంది, చొక్కా ఒంటికి అంటుకుంటుంది, కానీ ఎండ వేడి అక్కడితో ఆగుతుంది. అందుకే మేలో కూడా ఇక్కడ పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 34 డిగ్రీల దగ్గరే ఉంటుంది.

కొన్ని రోజుల్లో మాత్రం మధ్యాహ్నం రెండైనా, మూడైనా గాలి తిరగదు. పడమటి నుంచి పొడిగాలి కొడుతూనే ఉంటుంది. పెందుర్తి, గాజువాకల్లోనే కాదు, బీచ్ రోడ్డులో నిలబడినా ముఖం కాలిపోతుంది. అలాంటి రోజు ఒకటి వచ్చిపోతే తట్టుకుంటాం. వరసగా పది రోజులు వస్తే మనుషులు చనిపోతారు. 2015 మే రెండో సగంలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. ఆ వేడి ఎందుకు కదలకుండా కూర్చుంటుందో అర్థమైతే, మన హెచ్చరికల్లో ఏం లోపించిందో కూడా కనిపిస్తుంది.

ఎగువ వాతావరణంలో అధిక పీడనం ఏర్పడిన చోట గాలి నెమ్మదిగా కిందికి దిగుతుంది. దిగేకొద్దీ నొక్కుకుపోయి వేడెక్కుతుంది. సైకిల్ పంపు నాలుగుసార్లు కొట్టి కింది భాగం ముట్టుకుంటే చేతికి తగిలే వేడి ఇలాంటిదే. పొడిగాలి ఒక కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. దిగే గాలి మబ్బును కట్టనివ్వదు కాబట్టి ఎండకు అడ్డు ఉండదు. ఈ మధ్య అందరి నోటా వినిపిస్తున్న హీట్ డోమ్ ఇదే.

అది వారాల తరబడి ఎందుకు ఉంటుంది? మామూలుగా భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాల మీద జెట్ స్ట్రీమ్ అనే ఎగువ గాలి ప్రవాహం పీడన వ్యవస్థలను పడమటి నుంచి తూర్పుకు తోసుకుపోతుంది. ఒక్కోసారి ఆ ప్రవాహం బాగా మెలికలు తిరిగి, నడుమ అధిక పీడనాన్ని ఇరికించేస్తుంది. దాన్నే బ్లాక్ అంటారు. 2010లో రష్యా పశ్చిమ ప్రాంతం మీద అలాంటి బ్లాక్ జూన్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా ఉండిపోయింది. జూలై 29న మాస్కోలో 38.2 డిగ్రీలు నమోదైంది. చుట్టూ పీట్ నేలలు, అంటే సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడి ఎండితే మండే నేలలు, తగలబడి నగరం పొగతో నిండింది. ఆ వేసవిలో రష్యాలో సుమారు 55 వేల మంది చనిపోయారని అంచనా. అదే మెలిక తూర్పు వైపు కొసన పాకిస్తాన్‌ను వరదలు ముంచాయి.

ఆ వేసవి నేర్పిన ముఖ్యమైన పాఠం నేల గురించి. నేలలో తడి ఉన్నంతసేపు ఎండలో కొంత భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. తడి ఆరిపోయాక ఎండంతా గాలిని కాల్చడానికే మిగులుతుంది. పైగా ఇవాళ్టి వేడిలో కొంత రాత్రి వేళ ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో ఓ పొరగా నిలిచిపోతుంది. మర్నాడు ఎండ మొదలయ్యేసరికి గాలి నిన్న ఆగిన చోటు నుంచే అందుకుంటుంది. ఆరో రోజు మొదటి రోజులా ఉండకపోవడానికి కారణం ఇది.

మన కోస్తాలో జరిగేది అచ్చం రష్యాలో జరిగినట్టు ఉండదు. జెట్ స్ట్రీమ్ గ్రీకు అక్షరం ఒమేగాలా వంగి మన నెత్తిన కూర్చోదు. మధ్య భారతం మీద పొడి అధిక పీడనం నిలిచినప్పుడు వాయవ్య గాలి బలపడి తూర్పు కనుమలు దాటి వస్తుంది, కొండ దిగుతూ ఇంకాస్త వేడెక్కుతుంది, సముద్రపు గాలిని ఒడ్డు దాటి రానివ్వదు. మనకు డోమ్ అంటే అర్థం గాలి తిరగకపోవడమే.

దీన్ని ముందే పసిగట్టే సాధనం మన ఊళ్లోనే ఉంది. విశాఖ వాతావరణ కేంద్రం ఉదయం అయిదున్నరకు, సాయంత్రం అయిదున్నరకు బెలూన్ ఎగరేస్తుంది. అది ఎత్తును బట్టి ఉష్ణోగ్రత, తేమ, గాలి దిశ చెబుతుంది. ఉదాహరణకు ఉదయం ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో 28 డిగ్రీలు, గాలి వాయవ్యం నుంచి బలంగా ఉందనుకుందాం. ఎండకు కింది గాలి, పై గాలి కలిసిపోయినప్పుడు కిలోమీటరుకు 10 చొప్పున ఆ 28కి మరో 15 చేరుతుంది. అంటే సముద్రపు గాలి రాకపోతే నగరం 43 వైపు వెళ్తుంది. అదే పదకొండుకే గాలి తిరిగితే 36 దగ్గరే ఆగుతుంది. ఆ ఏడు డిగ్రీలూ గాలి తిరిగే వేళ మీదే ఆధారపడ్డాయి. కానీ జనానికి చేరే సందేశంలో ప్రధానంగా గరిష్ఠ ఉష్ణోగ్రతే ఉంటుంది. ‘ఈ రోజు సముద్రపు గాలి ఆలస్యం, మూడు గంటల దాకా రాకపోవచ్చు’ అనే ఒక్క వాక్యం ఉదయం ఏడింటికల్లా పోర్టులో హమాలీకి, సెంట్రింగ్ మేస్త్రీకి, పూర్ణా మార్కెట్ బయట తోపుడు బండి వాళ్లకు అందాలని మేము కోరుతున్నాం.

రెండో లోపం రాత్రుల లెక్కలో ఉంది. వాతావరణ శాఖ ప్రమాణాల ప్రకారం తీర ప్రాంతంలో 37 డిగ్రీలు దాటి, సాధారణం కంటే 4.5 ఎక్కువైతే వడగాలి. ఇది సబబే. కానీ ‘వేడి రాత్రి’గా గుర్తించాలంటే పగలు 40 డిగ్రీలైనా ఉండి తీరాలి. విశాఖలో పగలు 38, రాత్రి తేమతో 32 ఉంటే ఆ రాత్రి లెక్కలోకే రాదు. సాయంత్రం గాలి తిరిగాక థర్మామీటర్ తగ్గినట్టు చూపిస్తుంది. కానీ తేమ పెరిగి చెమట ఆరదు, శరీరం చల్లబడదు. కొండవాలు కాలనీల్లో రేకుల ఇంట్లో పడుకున్న ముసలమ్మకు పగలు ఎక్కిన వేడి రాత్రంతా దిగదు. మర్నాడు ఆమె కూడా నిన్న ఆగిన చోటు నుంచే మొదలుపెడుతుంది.

ఎండలో తిరిగేవాళ్లకే వడదెబ్బ అని మనలో చాలామంది నమ్మకం. 2021 జూన్ చివర కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మీద డోమ్ నిలిచినప్పుడు లిటన్ అనే ఊళ్లో వరసగా మూడు రోజులు 46.6, 47.9, 49.6 నమోదయ్యాయి. ఆ రాష్ట్రంలో వేడికి చనిపోయిన 619 మందిలో 98 శాతం ఇళ్లలో, నాలుగు గోడల మధ్య పోయారు. ఎక్కువమంది వృద్ధులు, సగానికి పైగా ఒంటరిగా ఉంటున్నవాళ్లు. చలివేంద్రాలు పెట్టడం మంచి పనే, పెట్టాలి. కానీ మంచం దిగలేని మనిషి చలివేంద్రం దాకా రాలేడు.

డోమ్ ఎప్పుడు కదులుతుందో చెప్పడం కష్టం. వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ మోడళ్లు బ్లాక్‌లు నిజానికంటే ముందే విడిపోతాయని చూపిస్తుంటాయి. అందుకే ‘రెండు రోజుల్లో తగ్గుతుంది’ అన్న మాటను పట్టుకుని యంత్రాంగం కూర్చోకూడదు. వరసగా మూడో రోజు కూడా గాలి తిరగకపోయినా, వరసగా మూడు రాత్రులు 31 డిగ్రీల కిందికి దిగకపోయినా, నగరపాలక సంస్థ అత్యవసర ఏర్పాట్లు వాటంతటవే మొదలయ్యేలా ముందే ఉత్తర్వు ఉండాలి. వార్డు సచివాలయాల్లో ఒంటరి వృద్ధుల జాబితా మార్చిలోనే సిద్ధం కావాలి. ఆశా కార్యకర్త సాయంత్రం ఏడు తర్వాత వాళ్ల తలుపు తట్టాలి, రాత్రి పడుకోవడానికి దగ్గర్లోని చల్లటి కమ్యూనిటీ హాలుకు తీసుకెళ్లడానికి ఆటో సిద్ధంగా ఉండాలి. ఆ ఆటో కిరాయి ఎవరు ఇస్తారన్నది కూడా ఆ ఉత్తర్వులోనే రాసి ఉండాలి.