భయం ఒకవైపే ఉంటే ఎలా?

వీడియోలో పాట మ్యూట్ అయిందనో, వీడియో మొత్తం బ్లాక్ అయిందనో మాకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అందరి టెన్షన్ ఒక్కటే. ఇలా రెండు మూడుసార్లు జరిగితే అకౌంట్ పోతుందా? యూట్యూబ్ విషయంలో జవాబు విడ్డూరంగా ఉంటుంది. మ్యూట్‌ను భరించి ఊరుకుంటే అకౌంట్ పోదు. అది తప్పని చివరిదాకా పోట్లాడితే పోవచ్చు. మా కోపం అక్కడే.

పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు, పాడినవాళ్లకు డబ్బు అందాలి. లక్షల వీడియోలను మనుషులు కూర్చుని వినలేరు కాబట్టి యంత్రం కావాలి. ఇందులో మాకు పేచీ లేదు. పేచీ ఆ యంత్రం మాట మీద నడిచే తీర్పు గురించి.

ముందు అది చేసే పనేమిటో చూద్దాం. యూట్యూబ్ 2007లో తెచ్చిన కంటెంట్ ఐడీలో మ్యూజిక్ కంపెనీలు తమ పాటలను ముందే ఎక్కించి పెడతాయి. ఎవరు వీడియో పెట్టినా అందులోని ధ్వనిని వాటితో పోల్చి చూస్తుంది. కలిస్తే ఈ పాట మాదేనన్న క్లెయిమ్ పడుతుంది. ఏం చేయాలో హక్కుదారు ముందే చెప్పి ఉంచుతాడు: వీడియో ఆపేయడం, ప్రకటనల డబ్బు తాను తీసుకోవడం, ఊరికే లెక్క చూసుకోవడం. దేశాన్ని బట్టి ఇది మారవచ్చు. అందుకే ఒకచోట ఆడే వీడియో ఇంకోచోట తెరుచుకోదు.

పాట కొన్నాం, యాప్‌కు నెలనెలా డబ్బు కడుతున్నాం అన్న వాదన ఇక్కడ చెల్లదు. ఆ డబ్బు వినడానికే. వీడియోకు జోడించాలంటే రెండు అనుమతులు కావాలి. పాట రచనకు ఒకటి, ఆ రికార్డింగుకు ఇంకొకటి. మీరే పాడినా రెండోది తప్పుతుందేమో గాని మొదటిది తప్పదు. పైగా ఇప్పుడున్న అనుమతి రేపు ఉండకపోవచ్చు. టిక్‌టాక్‌తో యూనివర్సల్ మ్యూజిక్ ఒప్పందం 2024 జనవరి 31న ముగియగానే, అప్పటిదాకా సక్రమంగా ఉన్న పాత వీడియోలు మూగబోయాయి. మే నెలలో మళ్లీ ఒప్పందం కుదిరింది. ఆ మధ్యకాలంలో వాటిని పెట్టినవాళ్లు చేసిన తప్పేమీ లేదు.

ఇక అకౌంట్ సంగతి. యూట్యూబ్‌లో క్లెయిమ్ వేరు, అకౌంట్ మీద గీతలా పడే స్ట్రైక్ వేరు. క్లెయిమ్‌లు ఎన్ని పడ్డా వాటంతట అవి స్ట్రైక్ కావు. హక్కుదారు చట్టప్రకారం నోటీసు పంపి వీడియోను తీయించినప్పుడే స్ట్రైక్ వస్తుంది. అది 90 రోజులు ఉంటుంది, ఆ వీడియో డిలీట్ చేసినా పోదు. ఆ గడువులో మూడు పడితే ఛానల్ రద్దవుతుంది, అందులోని వీడియోలన్నీ పోతాయి. పదేపదే ఉల్లంఘించేవారి అకౌంట్లు తీసేసే విధానం ఉండాలని 1998 నాటి అమెరికా కాపీరైట్ చట్టం చెబుతోంది. లేకుంటే ఆ చట్టం ఇచ్చే రక్షణ వేదికకు దక్కదు. తన నెత్తిమీదకు రాకుండా వేదిక చూసుకుంటోంది, అంతే.

ఒక ఉదాహరణ చూద్దాం. స్నాతకోత్సవాన్ని తీసిన 14 నిమిషాల వీడియోలో, వేదిక మీద పట్టాలు ఇస్తుండగా హాలులోని స్పీకర్లలో 40 సెకన్ల పాటు ఒక పాట వినిపించింది. క్లెయిమ్ పడింది, వీడియో ఆగింది. ఆ 40 సెకన్లు కత్తిరించవచ్చు, పాటను మాత్రం తీసేయవచ్చు, వేరే సంగీతం పెట్టవచ్చు. ఏది చేసినా అకౌంట్‌కు గీత పడదు, కథ అక్కడితో ముగుస్తుంది. పాట నిజంగా వాళ్లదే అయితే చేయాల్సింది కూడా అదే.

ఇప్పుడు క్లెయిమే తప్పనుకోండి. వాయించింది మీరే, స్వరకర్త ఎప్పుడో పోయాడు, రచన మీద ఎవరికీ హక్కు లేదు. ఇది ఊహ కాదు. 2018లో పియానో కళాకారుడు జేమ్స్ రోడ్స్ తాను స్వయంగా వాయించిన బాఖ్ రచనను ఫేస్‌బుక్‌లో పెడితే, అందులో 47 సెకన్లు సోనీ మ్యూజిక్ సొత్తంటూ ధ్వని ఆపేశారు. బాఖ్ 1750లోనే చనిపోయాడు! రోడ్స్ పేరున్న కళాకారుడు, బహిరంగంగా గొడవ చేయగలిగాడు. మిగతావాళ్ల సంగతేమిటి?

యూట్యూబ్‌లో అయితే వాళ్లు డిస్ప్యూట్ వేయాలి. దాన్ని చూసేది న్యాయమూర్తి కాదు, క్లెయిమ్ వేసిన కంపెనీయే. దానికి 30 రోజుల గడువు. కాదంటే మీరు అప్పీల్ చేయాలి. అప్పుడు ఆ కంపెనీ 7 రోజుల్లో క్లెయిమ్ వదులుకోవచ్చు, లేదా నోటీసు పంపి వీడియో తీయించవచ్చు. తీయిస్తే మీకు స్ట్రైక్. అంటే అప్పటిదాకా ఏ గీతా లేని అకౌంట్‌కు గీత పడింది అప్పీల్ చేసినందుకే. ఆ తర్వాత, వీడియో తీసేయడం తప్పని చెప్పే కౌంటర్ నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. అందులో మీ అసలు పేరు, చిరునామా రాయాలి, అవి అవతలివాళ్ల చేతికి వెళతాయి. వాళ్లు 10 పనిదినాల్లో కోర్టుకు వెళ్లినట్టు చూపకపోతే వీడియో తిరిగొస్తుంది.

ఇన్ని మెట్లలో అవతలివాళ్లు పణంగా పెట్టిందేమిటి? ఆ ఒక్క క్లెయిమ్. మీరు పెట్టింది ఏళ్ల తరబడి కట్టుకున్న ఛానల్.

ఇలాంటి తప్పులు అరుదని సర్దిచెప్పేవాళ్లకు యూట్యూబ్ సొంత లెక్కలే జవాబు. 2021 తొలి ఆరు నెలల్లో 72 కోట్లకు పైగా క్లెయిమ్‌లు పడ్డాయి. ఎదురు తిరిగింది వందకు ఒకటి కన్నా తక్కువ. తిరిగినవాటిలో 60 శాతం వీడియో పెట్టినవాళ్ల పక్షానే తేలాయి. ఎదురు తిరగని 99 శాతం సరైనవేనని దీన్నుంచి తేల్చేస్తున్నారు. భయపడి నోరెత్తనివాళ్లను ఒప్పుకున్నవాళ్ల ఖాతాలో రాసేస్తే లెక్క బాగానే కుదురుతుంది.

ఆ భయాన్ని పెంచుతున్నదీ వేదికే. క్లెయిమ్ అన్నా, స్ట్రైక్ అన్నా చూసేవాడికి కాపీరైట్ హెచ్చరికలాగే కనిపిస్తుంది. దాంతో ఉత్త క్లెయిమ్‌కు వణికిపోయి మంచి వీడియోలు డిలీట్ చేసేవాళ్లు ఒకవైపు, నిజమైన స్ట్రైక్‌ను పాత మ్యూట్‌ల జాబితాలో కలిపేసి పట్టించుకోనివాళ్లు ఇంకోవైపు. రెండోవాళ్లకే నిజమైన ప్రమాదం. ఒకే కంపెనీ వేర్వేరు వీడియోల మీద నోటీసులు పంపితే మూడు స్ట్రైకులకు మూడు నెలలు పట్టనక్కర్లేదు. అందుకే క్లెయిమ్‌ల సంఖ్య చూసుకుని బాధపడటం మాని, ఛానల్ పేజీలో స్ట్రైక్ ఉందో లేదో చూసుకోండి.

పదేపదే తప్పుడు క్లెయిమ్‌లు వేస్తే కంటెంట్ ఐడీ వాడే అవకాశం తీసేస్తామని యూట్యూబ్ నిబంధనల్లో ఉంది. బాగుంది. కానీ ఎన్ని తప్పులకు? వీడియో పెట్టేవాడికి మూడు అని అంకె చెప్పారు, 90 రోజులని గడువు చెప్పారు, చదువుకోమని కాపీరైట్ పాఠం కూడా పెట్టారు. కంపెనీలకు మాత్రం అంకె లేదు, గడువు లేదు, పాఠం అసలే లేదు. ముందు వాళ్లకూ ఒక అంకె చెప్పండి. అది చెప్పే ధైర్యం లేనప్పుడు, అప్పీల్ చేసినవాడి అకౌంట్ మీద గీత గీసే హక్కు మీకెక్కడిది?