ఊరికే వచ్చే టీవీకి ఒక జమాఖర్చు

కొత్త టీవీ గోడెక్కిన రోజునే నేనొక చారిత్రక నిర్ణయం తీసుకున్నాను: ఇకమీదట ఈ ఇంటి నుంచి ఏ ఓటీటీకీ చందా వెళ్లదు. కేబుల్ తగిలించలేదు, డిష్ పెట్టలేదు. వైఫై పాస్‌వర్డ్ ఒక్కటి కొట్టగానే వందకు పైగా ఛానెళ్లు బిలబిలమంటూ వచ్చేశాయి. లాగిన్ లేదు, ఓటీపీ లేదు, కార్డు నంబరు అడిగినవాడు లేడు. ఊరికే వస్తే నాకొకటి, మా తాతకొకటి అన్నారు పెద్దలు. తాత లేరు కాబట్టి ఆయన వాటా కూడా నేనే చూడటం మొదలుపెట్టాను.

వీటిని ఫాస్ట్ ఛానెళ్లంటారు. పేరు చూసి వేగాన్ని ఆశించకండి. ప్రకటనల డబ్బుతో నడిచే ఉచిత స్ట్రీమింగ్ టీవీ అని ఇంగ్లిషులో చెబితే వచ్చే పొట్టి పేరది. శాంసంగ్ ఇలాంటి తన సేవ టీవీ ప్లస్‌ను మన దేశానికి 2021లో తెచ్చింది. అమెరికాలో ఈ వ్యాపారం అంతకుముందే ముదిరింది. ప్లూటో టీవీ అనే ఉచిత సేవను వయాకామ్ 2019లో 34 కోట్ల డాలర్లకు కొంటే, టూబీ అనే ఇంకో ఉచిత సేవను మరుసటి ఏడాదే ఫాక్స్ 44 కోట్ల డాలర్లకు కొంది. ఊరికే పంచిపెట్టే కొట్టుకు అంత రేటేమిటని అడగకూడదు. ధర్మకార్యాల్లో లెక్కలు చూడరాదు.

అయినా నేను చూశాను.

ముందు సరుకు సంగతి. ఇందులో కొత్త సినిమా రాదు. సినిమా హక్కులవాడికి ముందుగా పెద్ద మొత్తం చెల్లించాలి. ఈ ఛానెళ్లలో ఎక్కువగా నడిచేది వచ్చిన ప్రకటనల ఆదాయంలో వాటా పంచుకునే పద్ధతి. దానికి ఒప్పుకొని వచ్చేది ఎక్కడా అమ్ముడుపోక అటక మీద పడి ఉన్న సరుకే: పాత సీరియళ్లు, పాత వంటల కార్యక్రమాలు, వార్తలు. ఒక సీరియల్‌కు ఒక ఛానెల్ కేటాయించి రాత్రింబవళ్లు తిప్పుతూ ఉంటారు. మా అమ్మ చూసే సీరియల్ 200 భాగాలు, ఒక్కోటి అరగంట. అంటే 100 గంటల సరుకు, నాలుగు రోజుల నాలుగు గంటలకొక చుట్టు. సోమవారం రాత్రి తొమ్మిదికి జరిగిన పెళ్లి, శనివారం తెల్లవారుజామున ఒంటిగంటకు మళ్లీ జరుగుతుంది. సరిగ్గా రాత్రి తొమ్మిదికే ఆ పెళ్లి చూడాలంటే ఆరు చుట్లు తిరగాలి, 25 రోజులు పడుతుంది. అమ్మ ఇప్పటికి ఆ పిల్లకు మూడుసార్లు అక్షింతలు వేసింది.

వెనక్కి తిప్పి మొదటి నుంచి చూద్దామంటే మా టీవీ ఒప్పుకోదు. మీరు టీవీ పెట్టేసరికి ఏది నడుస్తుంటే అది మధ్యలోంచి చూడాల్సిందే. చందా కట్టినవాడు ఏం చూడాలో తేల్చుకోలేక ముప్పావు గంట పోస్టర్లు తిప్పి, అన్నం చల్లారాక నిద్రపోతాడు. ఆ బాధ మాకు లేదు. దూరదర్శన్ రోజుల్లో వచ్చిందే చూశాం, ఇప్పుడూ వచ్చిందే చూస్తున్నాం. తేడా అల్లా అప్పుడు యాంటెన్నా తిప్పడానికి ఒకణ్ని డాబా ఎక్కించేవాళ్లం.

ఇక అసలు ఘట్టం, ప్రకటనల విరామం. మొన్న ఆదివారం నోట్‌బుక్ పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. ఐదు విరామాలు వచ్చాయి, ఒక్కోటి రెండు నిమిషాలు. మొదటి దాంట్లో ఒక సబ్బు ప్రకటన ఇరవై సెకన్లు. దాని తర్వాత అదే సబ్బు. ఆ తర్వాత, ఉత్కంఠ అక్కర్లేదు, అదే సబ్బు. మిగిలిన నిమిషం పాటు నీలం తెర మీద ఛానెల్ బొమ్మ మెల్లగా తిరుగుతూ, కింద ‘త్వరలో తిరిగి వస్తాం’ అని, వెనక వీణ.

సాంకేతిక లోపమనుకుని టీవీని ఒకటి చరిచాను. లోపం కాదట. ప్రసారంలో ఫలానా చోట ఇన్ని సెకన్ల ఖాళీ ఉందని ముందే గుర్తు పెట్టి పంపుతారు. ఆ గుర్తు వచ్చినప్పుడు సర్వరు మా ఇంటి తరఫున ఒక చిన్న వేలంపాట పెడుతుంది: ఈ కొంపలోని కళ్లకు ఎవరెంత ఇస్తారు? గెలిచినవాడి ప్రకటనను ప్రసారంలోనే కుట్టేసి పంపుతుంది. అందుకే పై అంతస్తువాళ్లు అదే సమయంలో అదే ఛానెల్ చూస్తున్నా, వాళ్లకు కారు ప్రకటన వచ్చింది. పాడుకునేవాళ్లు తక్కువైతే గెలిచినవాడే మళ్లీ మళ్లీ గెలుస్తాడు. ఎవరూ రాకపోతే వీణ. అంటే తెర మీద బొమ్మ తిరుగుతున్నంతసేపూ బజారులో మా కుటుంబం విలువ సున్నా అన్నమాట. పై అంతస్తువాళ్లకు ఈ సంగతి చెప్పలేదు.

ఊరికే అన్నాను గానీ, ఇంటర్నెట్ ఎవడిస్తాడు? హెచ్‌డీ బొమ్మ గంటకు సుమారు 3 జీబీ తాగుతుంది. రోజుకు నాలుగు గంటలైతే నెలకు 360 జీబీ. ఇంటికి ఫైబర్ ఉంటే తెలియదు. రోజుకు 2 జీబీ ఫోను ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెట్టి చూసే మా బావమరిదికి మాత్రం నలభై నిమిషాలకే కథ ముగుస్తుంది. ఆ నలభై నిమిషాల్లో వచ్చిన సబ్బుకూ వాడి డేటానే ఖర్చు.

డబ్బు కట్టేవాళ్లు నన్ను చూసి జాలిపడేవారు. ఆ జాలి 2025 జూన్ 17 దాకా బాగానే సాగింది. ఆ రోజు నుంచి ప్రైమ్ వీడియో ఏడాదికి 1,499 రూపాయలు కట్టేవాళ్లకు కూడా ప్రకటనలు చూపించడం మొదలుపెట్టింది. వద్దనుకుంటే ఏడాదికి ఇంకో 699. భోజనానికి డబ్బులు తీసుకుని, ఈగలు లేకుండా కావాలంటే విడిగా బిల్లు వేసినట్టు. న్యాయంగా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. కొత్త సినిమా, క్రికెట్, ఆపిన చోటు నుంచి మళ్లీ చూసే సుఖం చందా కట్టే చోటే దొరుకుతాయి. అవి కావాల్సినవాడు కట్టక తప్పదు. టీవీని వంటింట్లోకి వినపడే రేడియోలా వాడే ఇంటికి మాత్రం ఊరికే వచ్చేది చాలు.

టీవీని మనం చూస్తున్నామనుకోవడం ఒక భ్రమ. చాలా స్మార్ట్ టీవీలు తెర మీది బొమ్మకు వేలిముద్ర లాంటిది తీసి కంపెనీకి పంపుతాయి. సెట్ టాప్ బాక్స్ నుంచి వచ్చే బొమ్మను కూడా వదలవు. అమెరికాలో 1.1 కోట్ల టీవీల నుంచి ఇలా చెప్పకుండా లాగినందుకు విజియో కంపెనీ 2017లో 22 లక్షల డాలర్లు కట్టి కేసు తేల్చుకుంది. అదే కంపెనీ 2021లో ఒక త్రైమాసికంలో టీవీ పెట్టెలు అమ్మి మిగుల్చుకున్నదానికి రెండింతలకు పైగా ప్రకటనలు, డేటాల మీద మిగుల్చుకుంది. ఊరికే ఇచ్చే కొట్టుకు రేటెందుకో ఇప్పుడు తెలిసింది కదా. దీన్ని ఆపాలంటే సెట్టింగుల్లో శాంసంగ్ అయితే Viewing Information Services, ఎల్‌జీ అయితే Live Plus అని ఉంటుంది, తీసేయవచ్చు. తీసేసినా ప్రకటనలు ఆగవు, మీ గురించి తెలియకుండా వస్తాయి, అంతే.

నేనూ తీసేశాను. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు సబ్బు కూడా రాలేదు, రెండు నిమిషాలూ వీణే. రిమోట్ కోసం చెయ్యి చాపాను.

“ఉంచరా,” అంది అమ్మ. “అన్నింట్లోకీ ఈ కార్యక్రమం ఒక్కటే బాగుంది. ఎవరూ ఏడవట్లేదు.”